మాక్ పార్లమెంట్ స్పీచ్: పన్ను మెట్లు నిటారుగ పెడితే పెట్టుబడి పారిపోతదా? డ్రాఫ్ట్ చూసి మొహమాటం లేకుంట తిట్టుండ్రి

నీలగిరి_డిగ్రీ
అన్నలకు అక్కలకు నమస్తే. మా కాలేజీల వచ్చే వారం మాక్ పార్లమెంట్ పెడుతున్నరు, నన్ను ఆర్థిక మంత్రిని చేసిన్రు. నేను తెచ్చే తీర్మానం ఏందంటే, ఆదాయం పెరిగేకొద్దీ పన్ను రేటు బాగా పెంచుకుంట పోయినా దేశంల పెట్టుబడి తగ్గదు, కాబట్టి 30 శాతం పైన 40 శాతం మెట్టు ఒకటి కొత్తగా పెట్టాలె. నాకు 4 నిమిషాలే ఇస్తరు, తర్వాత ప్రతిపక్షం ప్రశ్నలు. అటు దిక్కు కూసునేటోళ్లు మా కామర్స్ బ్యాచ్, మాటలల్ల దొరకరు. డ్రాఫ్ట్ ఇది:

"అధ్యక్షా, పన్ను పెంచితే పెట్టుబడిదారులు పారిపోతరని ప్రతిపక్ష మిత్రులు భయపెడుతున్నరు. 1973-74ల మన దేశంల పై మెట్టు పన్ను 97.75 శాతం అధ్యక్షా. అమెరికాల 1950లల 91 శాతం. అయినా ఫ్యాక్టరీలు మూతపడ్డయా? అమెరికా కుప్పకూలిందా? లేదు. అంటే ఏంది, పన్నుకూ పెట్టుబడికీ సంబంధం లేదు. ఇదంతా ధనవంతుల కోసం కార్చే కన్నీళ్లు అధ్యక్షా..."

ఇంకా ఉంది గానీ మెయిన్ పాయింట్ ఇదే. ఎట్లుందో చెప్పుండ్రి.

సూర్యాపేట_బెంచి
నేను కూడా కాలేజీల ఉన్నప్పుడు ప్రతిపక్షం బెంచిల కూసున్న, కాబట్టి ఆ కుర్చీల నుంచే చెప్తున్న. ఆ 97.75 అన్న మాట నీ నోట్లకెల్లి రాంగనే నేను లేస్త చెల్లే. "మంత్రి గారూ, అంత గొప్ప రేటయితే మీ ప్రభుత్వమే ఒక్క ఏడాదికే ఎందుకు తగ్గించింది?" అంట, కూసుంట. ఇగ నీ 4 నిమిషాలు దానికి జవాబు చెప్పుకునుడుతోనే అయిపోతయి.

పాలమూరు_ప్లాట్లు
స్పీచులు బాగనే ఉంటయి, గ్రౌండ్ మీద వేరే ఉంటది. మా తాన వచ్చే డాక్టర్లు, కాంట్రాక్టర్లు అందరు అనే మాట ఒకటే, స్లాబ్ దాటితే మొత్తం ఆదాయం మీద పడుతది, కాబట్టి ఇంక సంపాదించుడు ఎందుకు అని. లైన్ దాటినంక ఒక్క రూపాయి ఎక్కువ వచ్చినా లక్షలు పోతయి. 40 పెడితే ఎవడు పెట్టుబడి పెడుతడు? 2019ల గుర్తులేదా, బడ్జెట్‌ల బాగా ఉన్నోళ్ల మీద సర్‌చార్జి పెంచంగనే ఫారినోళ్లు షేర్లు అమ్ముకొని పోయిన్రు, ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది.

జడ్చర్ల_జంక్షన్
పన్నుల గురించే కదా. మా దిక్కు ఇంటి పన్ను కూడా పెంచిన్రు, రేకుల షెడ్డుకు స్లాబు ఇంటి లెక్క వేసిన్రు. దీని మీద కూడా స్పీచ్‌ల ఒక మాట అనమ్మా.

దేవరకొండ_లెక్కలాయన
జంక్షన్ భాయ్, మీది వేరే పంచాయితీ, దానికి మున్సిపాలిటీల రివిజన్ అర్జీ పెట్టుకోవాలె, ఇక్కడ కాదు.

బిడ్డా, నేను మిర్యాలగూడ, నల్గొండ మిల్లుల లెక్కలు చాన ఏండ్లు చూసిన. నీ వాదన నిలబడుతది గానీ నువ్వు నిలబెట్టిన జాగల కాదు. బెంచి చెప్పింది నిజం. 97.75 ఎట్ల వచ్చిందంటే 85 శాతం పన్ను, దాని మీద 15 శాతం సర్‌చార్జి. 2 లక్షలు దాటిన ఆదాయంల ప్రతి వంద రూపాయలల్ల చేతికి రెండు రూపాయల పావలా మిగిలేది. దాని మీద సంపద పన్ను వేరే. అంతకుముందే 1971ల వాంఛూ కమిటీ రిపోర్టు ఇచ్చింది, ఆయన సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి, పన్ను ఎగ్గొట్టుడుకు ఈ రేట్లే మొదటి కారణం, సర్‌చార్జితోటి కలిపి 75కు తీసుకరమ్మన్నడు. 1974-75ల 77 చేసిన్రు. అదీగాక ఆ రోజులల్ల ఫ్యాక్టరీ పెట్టాలంటే లైసెన్సు కావాలె, పెద్ద కంపెనీలకు ఎంఆర్‌టీపీ చట్టం అడ్డం. పెట్టుబడి ఆగినా సాగినా పన్ను వల్లనే అని ఇటోళ్లూ చెప్పలేరు అటోళ్లూ చెప్పలేరు. ఆ సాక్ష్యం రెండు దిక్కులా పనికిరాదు, తీసేయ్.

ప్లాట్లు తమ్మీ, నీ కస్టమర్లు చెప్పేది సగం కరెక్టు. స్లాబ్ దాటితే దాటిన ముక్క మీదనే కొత్త రేటు, కింది ముక్కలకు పాత రేట్లే. 24 లక్షలు దాటితే 30 శాతం అంటే ఆ 24 పైన ఉన్న దాని మీదనే. గానీ సర్‌చార్జి అట్ల కాదు, 50 లక్షలు దాటంగనే మొత్తం పన్ను మీద 10 శాతం పడుతది. దాని మీదికెల్లే ఈ భయం పుట్టింది. అక్కడ కూడా మార్జినల్ రిలీఫ్ అని ఉన్నది, లైన్ పైన ఎంత సంపాదించినవో అంతకంటే ఎక్కువ గుంజరు. ఒక్క రూపాయికి లక్షలు పోవుడు అనేది లేదు. నీ ఆడిటర్‌ను అడుగు.

పాలమూరు_ప్లాట్లు
సరే సార్ అది ఒప్పుకున్న. ఫారినోళ్లు పోయింది మాత్రం కళ్లముందటిదే.

సాగర్_ఎడమకాల్వ
మాది మిర్యాలగూడ దిక్కు మిల్లు. ఈ ముచ్చట చదివి నవ్వొస్తుంది, మేము బియ్యంల రంగు మారిన గింజలు ఏరేసే కొత్త సార్టెక్స్ మిషన్ పెట్టాల్నా వద్దా అని కూసున్నప్పుడు పన్ను స్లాబ్ ఎవ్వలూ అడగలే. మొదటి ప్రశ్న, సాగర్ ఎడమ కాల్వకు ఈసారి నీళ్లు ఇస్తరా లేదా, నీళ్లుంటేనే వడ్లు, వడ్లుంటేనే మిల్లు. రెండోది బ్యాంకోళ్లు ఎంత లోన్ ఇస్తరు, మార్జిన్ మనీ మేము ఎంత తేవాలె. మూడోది కరెంటు. ఇగ సర్కారు వడ్లు పట్టిస్తే సీఎంఆర్ కింద క్వింటాలుకు బాయిల్డ్ అయితే 68 కిలోలు, రా అయితే 67 కిలోలు బియ్యం ఇయ్యాలె, నూకలు ఎక్కువ వస్తే మా నెత్తిన, మా మిల్లింగ్ పైసలు ఎప్పుడొస్తయో దేవునికే తెల్వాలె. పన్ను అనేది లాభం వచ్చినంక ముచ్చట. లాభమే రాకుంటే 30 అయితేంది 40 అయితేంది.

నీలగిరి_డిగ్రీ
అన్నా ఇది సూపర్, ఇదే పెట్టేస్త స్పీచ్‌ల, "మిర్యాలగూడ మిల్లుల పన్ను ఎవ్వలూ అడుగుతలేరు అధ్యక్షా" అని.

వనపర్తి_ఎంఏ
పెట్టకు. ఒక్క మిల్లు ఓనర్ అడగలేదు అంటే దేశం మొత్తం అడగదా? ప్రతిపక్షంల ఎవడైనా ఇంకో మిల్లు ఓనర్ పేరు చెప్పి "ఆయన అడిగిండు" అంటే అయిపాయె. ఎడమకాల్వ అన్న చెప్పింది నిజమే అయ్యుండొచ్చు, డిమాండు, అప్పు దొరుకుడు, ఇవి పెట్టుబడిని ఎక్కువ కదిలిస్తయి, కానీ పన్ను అస్సలు కదిలియ్యదు అని దాంతోటి రుజువు కాదు. అదీగాక "లాభం వచ్చినంక ముచ్చట" అనేది తప్పు, మిషన్ కొనేముందే రేపటి లాభంల నాకెంత మిగుల్తది అని చూస్తరు కదా.

సాగర్_ఎడమకాల్వ
చూస్తం తమ్మీ, మేమేం పిచ్చోళ్లం కాదు. గానీ ఆ లెక్కల పన్ను చానా కింద ఉంటది.

దేవరకొండ_లెక్కలాయన
ఎందుకు కింద ఉంటదో లెక్క వేసి చూపిస్త. ఇది కొంచెం పొడుగుంటది, ఓపిక పట్టుండ్రి, నా దృష్టిల నీ స్పీచ్ మొత్తం దీని మీదనే కట్టాలె బిడ్డా.

ఒక్కల పేరు మీద ఉన్న మిల్లు తీసుకుందాం, పార్ట్‌నర్‌షిప్ కాదు. ఆయనకు ఇప్పటికే పై మెట్టు ఆదాయం ఉంది. కోటి రూపాయల మిషన్ కొంటే ఏటా 15 లక్షలు అదనంగ మిగుల్తయి అనుకుందాం. మిషన్ అరుగుడు, సర్‌చార్జి, సెస్సు అన్నీ పక్కన పెట్టు, లెక్క తేలికగ ఉండాలని. పన్నే లేకుంటే కోటికి 15 లక్షలు, 15 శాతం.

ఇప్పుడు 40 శాతం పన్ను పెట్టినం. 15ల 6 సర్కారుకు పోయి 9 మిగిలినయి. కోటికి 9 అంటే 9 శాతం, పెట్టుబడి సచ్చింది అంటరు ప్రతిపక్షం. ఇక్కడనే వాళ్ల లెక్క తప్పుతది, మిషన్ ఖర్చు కూడా ఆదాయంలకెల్లి తీసేసుకోనిస్తది కదా చట్టం. ఒకవేళ కోటికి కోటి మొదటేడే ఖర్చు రాసుకోనిస్తే ఏమైతది? కోటి మీద పన్ను 40 లక్షలు తప్పింది. అంటే మిషన్‌కు జేబులకెల్లి పెట్టింది 60 లక్షలే. 60కి 9 వస్తే మళ్ల 15 శాతమే! 30 శాతం పన్నయినా అంతే, 70 పెట్టిండు, పదిన్నర వచ్చింది, 15 శాతం. రేటు ఎంతయినా పర్వాలే. సర్కారు మిల్లుల ఒక వాటాదారు అయింది, ఖర్చుల 40 పైసలు పెట్టింది, లాభంల 40 పైసలు తీసుకుంది, నీ వాటా మీద నీ లాభం శాతం మారలే.

గానీ మన దేశంల మొదటేడే మొత్తం రాసుకోనియ్యరు. మామూలు మిషనరీకి తరుగుదల 15 శాతం, అది కూడా మిగిలిన విలువ మీద. మొదటేడు 15 లక్షలు, రెండో ఏడు మిగిలిన 85 మీద 12.75 లక్షలు, అట్ల తగ్గుకుంట పోతది. అక్టోబర్ తర్వాత బిగిస్తే మొదటేడు అందుల సగమే. ఎన్నో ఏండ్లకు వచ్చే పైసలను 10 శాతం వడ్డీ లెక్కన ఇయ్యాల్టి విలువకు తెస్తే కోటికి దాదాపు 60 లక్షలు ఖర్చు రాసుకున్నట్టు. అట్ల చూస్తే 30 శాతం పన్నుల 18 లక్షలు తిరిగొచ్చినయి, జేబులది 82, వచ్చేది పదిన్నర, 12.8 శాతం. 40 శాతం అయితే 24 తిరిగొచ్చినయి, జేబులది 76, వచ్చేది 9, 11.8 శాతం.

అంటే పన్ను 30 నుంచి 40కి పెంచితే ఈయన లాభం 12.8 నుంచి 11.8కి వస్తది. తగ్గింది, తగ్గలేదని అనకు. గానీ ఒక్క శాతం. ఒక్క సీజన్ కాల్వ బంద్ అయితే పోయేది దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఎడమకాల్వ భాయ్‌కు పన్ను కింద కనపడేది అందుకే.

ఇంకోటి. మిషన్ కొనకుంటే ఆ పైసలు యాడ పెడుతడు? ఎఫ్‌డీల 7 శాతం అనుకో. దాని మీద కూడా అదే పన్ను. 30లో 4.9 మిగుల్తది, 40లో 4.2. మిల్లుకూ ఎఫ్‌డీకీ మధ్య తేడా అప్పుడు 7.9, ఇప్పుడు 7.6. మనిషి ఎటు పోవాలె అని నిర్ణయించేది ఆ తేడానే, అది పెద్దగ కదలలే.

వనపర్తి_ఎంఏ
నీట్. ఒక పేచీ, మీ 10 శాతం వడ్డీ లెక్క కూడా పన్ను పోయినంక రేటు తీసుకోవాలె, అప్పుడు తరుగుదల విలువ 60 కంటే ఎక్కువే వస్తది, మీ వాదన ఇంకా గట్టి పడుతది.

ఇంకో పేచీ మాత్రం మీకు వ్యతిరేకం. ఇది ఇప్పటికే పై మెట్టుల ఆదాయం ఉన్నోనికి. కొత్తగ పెట్టేటోనికి తరుగుదల కొట్టేసుకోవడానికి ఆదాయమే ఉండదు, 24 లక్షలు తిరిగొచ్చుడు అనేది కాగితం మీదనే. తరుగుదలను తర్వాతి ఏండ్లకు మోసుకపోవచ్చు, నిజమే, కానీ వ్యాపార నష్టానికి 8 ఏండ్ల గడువు, అప్పటిదాంక మిల్లు ఉండాలె కదా. లాభం వస్తే సర్కారు వాటాదారు, మునిగితే పత్తా లేదు. రిస్కు ఎక్కువ ఉన్న కొత్త వ్యాపారానికి నిటారు మెట్లు నిజంగనే దెబ్బ. దీన్ని స్పీచ్‌ల దాచొద్దు, ప్రతిపక్షం తవ్వుతది.

దేవరకొండ_లెక్కలాయన
ఒప్పుకుంట. అది నిజమైన లోపం. తీర్మానంలనే ఒక సవరణ పెట్టుకో బిడ్డా, కొత్త యూనిట్లకు మొదటేడే మిషన్ ఖర్చు మొత్తం రాసుకోనియ్యాలె, ఆదాయం లేకుంటే తర్వాత ఏండ్లకు వడ్డీతోటి కలిపి మోసుకపోనియ్యాలె అని. రేటు పెంచి, ఖర్చు వైపు వదులు చేస్తే పెట్టుబడికి దెబ్బ తగ్గుతది.

నీలగిరి_డిగ్రీ
లెక్క రెండు సార్లు చదివిన, 60కి 9 దగ్గర దిమాక్ ఖరాబైంది 😅 ఇప్పుడు అర్థమైంది. కానీ ఇది లెక్క కదా, నిజంగ ఎక్కడన్న ఇట్ల జరిగిందా అని అడుగుతరు. ఉదాహరణ కావాలె.

వనపర్తి_ఎంఏ
ఉంది, మంచిదే ఉంది. అమెరికాల 2003ల డివిడెండ్ల మీద పై మెట్టు పన్ను 38.6 శాతం నుంచి 15కు కోసేసిన్రు. ఇంత పెద్ద కోత ఒక్కసారిగ పడితే పెట్టుబడి లేవాలె కదా. అక్కడ కంపెనీలు రెండు రకాలుంటయి, ఒక రకం డివిడెండ్ పన్ను కట్టే వాటాదారులది, ఇంకో రకానికి ఆ డివిడెండ్ పన్ను వర్తించదు, లాభం సీదా ఓనర్ల ఆదాయంల కలుస్తది. రెండు రకాలు ఒకే ధంధాలల్ల, దాదాపు ఒకే సైజుల ఉంటయి. డానీ యాగన్ అని ఆర్థికవేత్త ఈ రెండింటి పన్ను రిటర్నులు పక్కపక్కన పెట్టి చూసిండు, 2015ల పేపర్ వచ్చింది. కోత దక్కిన కంపెనీల పెట్టుబడి, దక్కని కంపెనీల పెట్టుబడి ఒకే తీరుగ నడిచినయి. డివిడెండ్లు పంచుడు పెరిగింది గానీ మిషన్లు కొనుడు పెరగలే.

97.75 కంటే ఇది ఎందుకు గట్టిదంటే, ఇక్కడ పోల్చడానికి పక్కన ఇంకో గుంపు ఉంది. 1973ల పన్ను ఎక్కువుంది, లైసెన్సు ఉంది, చమురు ధర పెరిగింది, ఏది దేని వల్లనో ఎవడు చెప్తడు.

పాలమూరు_ప్లాట్లు
అంటే కోస్తే పెరగలే అని. పెంచితే తగ్గదు అని ఎట్లంటవ్? రెండూ ఒకటి కాదు కదా.

వనపర్తి_ఎంఏ
...మంచి ప్రశ్న అన్నా. ఖచ్చితంగ అనలేం. ఒక దిక్కు కదలనిది ఇంకో దిక్కు కూడా పెద్దగ కదలదు అని అనుకోవచ్చు, అంతే. స్పీచ్‌ల "రుజువైంది" అని వాడకు చెల్లే, "ఇది చూపిస్తున్నది" అను.

ఇంకో ప్రమాదం. 2017ల అమెరికాల కంపెనీల పన్ను 35 నుంచి 21కి తగ్గించి, మిషన్ ఖర్చు మొదటేడే రాసుకోనిచ్చిన్రు. అక్కడ మాత్రం ఎక్కువ లాభపడ్డ కంపెనీలు నిజంగనే ఎక్కువ పెట్టుబడి పెట్టినయి అని తర్వాత పరిశోధనల తేలింది. ప్రతిపక్షం దీన్ని తెస్తది. నీ జవాబు రెడీ ఉండాలె: ఒకటి, మా తీర్మానం మనుషుల పన్ను మీద, కంపెనీల పన్ను మీద కాదు. రెండు, అక్కడ కూడా సర్కారు పోగొట్టుకున్న ఒక్కో డాలరుకు ఎక్కువ పెట్టుబడి తెచ్చింది రేటు కోత కాదు, మిషన్ ఖర్చు వెంటనే రాసుకోనిచ్చుడు. అంటే లెక్కలాయన చెప్పిన మాటే.

సూర్యాపేట_బెంచి
ఇప్పుడు స్పీచ్ లెక్క అనిపిస్తుంది. గానీ నేను ప్రతిపక్షం అయితే అడిగే ఇంకో ప్రశ్న, "మనుషుల పన్ను 40, కంపెనీ పన్ను 22 అయితే ఉన్నోళ్లందరు కంపెనీలు పెట్టుకొని కూసుంటరు, మీకు పైసా రాదు, దీన్నేమంటరు?"

దేవరకొండ_లెక్కలాయన
అడగాల్సిన ప్రశ్ననే. మన తాన మిల్లులు చానావరకు పార్ట్‌నర్‌షిప్‌లు, ఫర్మ్‌కు నిటారు మెట్లే లేవు, మొదటి రూపాయి నుంచి 30 శాతం, కోటి దాటితే సర్‌చార్జి. ఆ లాభంల పార్ట్‌నర్‌కు వచ్చే వాటా మీద మళ్ల పన్ను లేదు. అందుకే కొత్త 40 మెట్టు పెడితే మిల్లుల మిగిలిన లాభానికి అది తాకదు. తాకేది పార్ట్‌నర్ తీసుకునే జీతానికి, పెట్టుబడి మీద వడ్డీకి. కంపెనీ అయితే డివిడెండ్‌కు. అంటే బయటికి తీసి ఖర్చు పెట్టుకునేదాని మీద పన్ను ఎక్కువ, లోపల ఉంచి మిషన్ కొనేదాని మీద తక్కువ. ఇది పెట్టుబడికి వ్యతిరేకం ఎట్ల అయితది? లోపలనే ఉంచు అని తోసినట్టు.

అయితే బెంచి అన్నది కూడా నిజం. లోపల ఉంచుతరు, ఉంచి ఫర్మ్ పేరు మీద కారు కొంటరు, ఫర్మ్ ఖర్చుల బిడ్డ పెండ్లి కలుపుతరు. నేను చూడని లెక్క కాదు. పన్ను రాబడి అనుకున్నంత రాదు. గానీ తీర్మానం "రాబడి వస్తది" అని కాదు కదా, "పెట్టుబడి తగ్గదు" అని. వాళ్లు రాబడి దిక్కు గుంజితే నువ్వు తీర్మానం మాట మళ్ల చదివి వినిపియ్యి.

సాగర్_ఎడమకాల్వ
పెండ్లి ముచ్చట ఎవ్వల గురించో నాకు తెల్వది సార్ 😀

జడ్చర్ల_జంక్షన్
రివిజన్ అర్జీకి ఫీజు ఉంటదా?

పాలమూరు_ప్లాట్లు
ఫారినోళ్ల సంగతి ఎవ్వలూ చెప్పలే.

దేవరకొండ_లెక్కలాయన
చెప్త. 2019 జులై బడ్జెట్‌ల 2 కోట్లు దాటినోళ్లకు సర్‌చార్జి 25, 5 కోట్లు దాటితే 37 చేసిన్రు, పై రేటు 42.74 దాంక పోయింది. ట్రస్టుల రూపంల ఉన్న విదేశీ ఫండ్లకు కూడా తగిలింది, వాళ్లు అమ్మిన్రు, ఆగస్టు 23 నాడు షేర్ల లాభం మీద ఆ పెంపు వెనక్కి తీసుకున్నరు. నువ్వు చెప్పింది జరిగిందే. కానీ ఫండ్ షేర్ అమ్మితే ఇంకొకడు కొన్నడు, ఫ్యాక్టరీ అక్కడనే ఉన్నది. షేర్ల ధర పడుడు వేరే, మిషన్ కొనుడు ఆగుడు వేరే. ఒక్క బటన్ నొక్కి పోగలిగే పైసలు రేటుకు భయపడుతయి, అది ఒప్పుకోవాలె. మిల్లు ఊడబెరికి సింగపూర్ తీసుకపోలేడు.

ఇగ అదే ఏడు సెప్టెంబర్ 20 నాడు ఉల్టా జరిగింది. కంపెనీల పన్ను 30 నుంచి 22కు, కొత్త తయారీ కంపెనీలకు 15కు తగ్గించిన్రు. ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నం అని సర్కారే చెప్పింది. మూడేండ్లకు 2022 సెప్టెంబర్‌ల ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారే పరిశ్రమలోళ్లను అడగవలసి వచ్చింది, మిమ్మల్ని ఆపుతున్నది ఏంది, మీరు హనుమంతుడి లెక్క మీ బలం మీకు తెల్వకుంట ఉన్నరా అని.

నీలగిరి_డిగ్రీ
హనుమంతుడు!! ఇది పెట్టాల్సిందే. ఆర్థిక మంత్రి సీట్ల కూసొని ఆర్థిక మంత్రి మాటే చెప్తే సభ పడిపోతది.

వనపర్తి_ఎంఏ
పెట్టు గానీ మధ్యల కరోనా ఉందని నువ్వే ముందు అను. లేకుంటే పక్క బెంచి అంటది. కరోనాల ఎవడు మిషన్ కొంటడు, పన్ను కోత ఫెయిల్ అని దాన్ని పట్టుకొని చెప్పలేం.

పాలమూరు_ప్లాట్లు
సరే నాది ఆఖరు మాట, దీనికి జవాబు చెప్పి చూడుండ్రి. సార్ మిల్లుకూ ఎఫ్‌డీకీ తేడా చూసిండు. మా పాలమూరుల ఎవడు ఎఫ్‌డీ వేస్తడు సార్? షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాంక బెంగుళూరు రోడ్డు పొంటి చూడుండ్రి, పైసలున్నోడు మొదలు అడిగేది ఎకరం ఎంత అని. ఊర్ల వ్యవసాయ భూమి కొని పదేండ్లకు అమ్మితే పన్నే లేదు. ప్లాట్ల రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, అసలు ధర ఇంకోటి. నువ్వు 40 పెడితే మిల్లు లాభం 11.8కి దిగింది, భూమిది మాత్రం ఉన్నకాడనే ఉంది. మిల్లు పెట్టేటోడు మా ఆఫీసుకు వస్తడు. నాకు మంచిదే గానీ మీ తీర్మానానికి మంచిది కాదు.

దేవరకొండ_లెక్కలాయన
ఇప్పటిదాంక వచ్చిన ప్రశ్నలల్ల గట్టిది ఇదే. పన్ను అన్ని తావులకు ఒకే తీరు పడితే ఎటు పోవాలె అన్న లెక్క మారదు, ఒక్క తావు వదిలేస్తే పైసలు అటే పారుతయి. పారిపోవుడు దేశం దాటి కాదు, రోడ్డు దాటి. నా లెక్క ఎఫ్‌డీతోటి నిలుస్తది, భూమితోటి నిలువదు.

సూర్యాపేట_బెంచి
అయితే భూమి మీద కూడా పన్ను అని సవరణ పెడితే?

పెట్టంగనే నేను పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేపుత. వ్యవసాయ ఆదాయం మీద పన్ను రాష్ట్ర జాబితాల 46వ అంశం. కేంద్ర ఆర్థిక మంత్రి పార్లమెంటుల పెట్టలేదు.

దేవరకొండ_లెక్కలాయన
పంట ఆదాయం అట్లనే. కానీ భూమి అమ్మిన లాభం వేరే ముచ్చట. టౌన్లల్ల, టౌన్ల చుట్టుపక్కల ఉన్న వ్యవసాయ భూములను 1970ల కేంద్రమే పన్ను కిందికి తెచ్చింది. ఇప్పుడు టౌన్ జనాభాను బట్టి 2, 6, 8 కిలోమీటర్ల లోపల ఉంటే పన్ను పడుతది, దాటితే లేదు. ఆ గీత జరపాలె అని మంత్రి అనొచ్చు. ఊర్ల ఓట్లు పోతయి అని వాళ్ల పార్టీల వాళ్లే లేస్తరు, అది వేరే.

వనపర్తి_ఎంఏ
నాకు డౌటే సార్. గీత జరిపితే అసలు ధర ఇంకా దాస్తరు. రిజిస్ట్రేషన్ విలువ సరిచెయ్యకుంట ఇది పనిచెయ్యది, అది మళ్ల రాష్ట్రం చేతుల ఉంది.

నీలగిరి_డిగ్రీ
కొత్తది రాసిన, చూడుండ్రి:

"అధ్యక్షా, కోటి రూపాయల మిషన్ కొన్న మిర్యాలగూడ మిల్లు యజమానికి 30 శాతం పన్నుల లాభం 12.8 శాతం. మేము 40 చేస్తే 11.8. ఒక్క శాతం తగ్గుతుంది, దాచుకుంటలేము. అదే మనిషి బ్యాంకుల వేసుకున్నా అదే పన్ను పడుతుంది, కాబట్టి మిల్లు మానుకొని బ్యాంకుకు పోవడానికి కారణం లేదు. అమెరికాల 2003ల డివిడెండ్ పన్నును సగానికి పైగ తగ్గించిన్రు, తగ్గిన కంపెనీలూ తగ్గని కంపెనీలూ ఒకే తీరుగ మిషన్లు కొన్నయి. మన దేశంల 2019ల కంపెనీల పన్ను తగ్గించినం, నడుమ కరోనా వచ్చిందని ఒప్పుకుంటున్న, అయినా 2022ల ఈ కుర్చీల కూసున్న మంత్రే పరిశ్రమలను హనుమంతుడితోటి పోల్చి, మిమ్మల్ని ఆపుతున్నది ఏంది అని అడిగిన్రు అధ్యక్షా. కొత్తగా వ్యాపారం పెట్టే యువకునికి ఈ మెట్టు బరువే, అందుకే మిషన్ ఖర్చు మొదటేడే రాసుకునే సవరణ తెస్తున్నం..."

భూమి గురించి నా అంతట నేను ఎత్తాల్నా, అడిగితేనే చెప్పాల్నా?

సూర్యాపేట_బెంచి
అడిగితేనే. నీ అంతట నువ్వు ఎత్తితే 4 నిమిషాలల్ల 2 దానికే పోతయి.

వనపర్తి_ఎంఏ
నేనైతే ఎత్తుత. కామర్స్ బ్యాచ్‌ల ఒక్కని నాయిన రియల్ ఎస్టేట్‌ల ఉన్నా చాలు, అదే మొదటి ప్రశ్న అయితది. మంత్రి ముందే చెప్పి "రాష్ట్రాలతో మాట్లాడుతున్నం" అంటే ప్రశ్న చప్పబడుతది.

సాగర్_ఎడమకాల్వ
అమ్మా "మిల్లు యజమాని లాభం 12.8" అని అంటున్నవ్, మా దిక్కు ఎవ్వలకు రాదు అంత, ఉత్త లెక్క కోసం అనుకున్నం అని ఒక మాట పెట్టు. లేకుంటే రేపు ఎవడన్న నన్ను అప్పు అడుగుతడు.